నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా? ఫెరిటిన్ పరీక్ష ఆధారంగా ఐరన్ లోటు తీర్చుకునే పద్ధతి

పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇది: "హిమోగ్లోబిన్ 11.8 ఉంది, పెద్దగా తక్కువేం కాదన్నారు. మరి ఈ నీరసం ఏమిటి? తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు ఎందుకు వస్తోంది? నిరుడు సింహాచలం మెట్లు ఎక్కినదాన్ని, ఈ ఏడు ఇంటి రెండో అంతస్తుకే ఆయాసం ఎందుకు?"

నెలనెలా రక్తం ఎక్కువగా పోయేవాళ్లలో ఐరన్ ఒక వరుసలో తగ్గుతుంది. ముందు ఒంట్లో దాచుకున్న నిల్వ ఖాళీ అవుతుంది, ఆ తర్వాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఆ నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మందు మొదలుపెట్టినా, ఆపేసినా లెక్క తప్పుతుంది. పరీక్షకు ముందు ఏం చేయాలి, రిపోర్టు ఎలా చదవాలి, మాత్ర ఎలా వేసుకోవాలి, ఎప్పుడు మళ్లీ చూపించుకోవాలి అన్నది ఆ వరుసలోనే కింద ఉంది. మందు, మోతాదు మాత్రం మిమ్మల్ని చూసే డాక్టరే ఖాయం చేయాలి.

## 1. ముందుగా, ఆగకూడని పరిస్థితులు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్షలు, లెక్కలు తర్వాత. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

- గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతూ, వరుసగా రెండు గంటలు దాటినా తగ్గకపోవడం
- కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం
- ఒక కాలి పిక్క వాచి, నొప్పితో పాటు ఉన్నట్టుండి ఆయాసం రావడం
- గర్భం ఉండే అవకాశం ఉండి రక్తస్రావం, పొత్తికడుపు నొప్పి
- హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువని రిపోర్టు రావడం

విశాఖలో అయితే కేజీహెచ్ క్యాజువాలిటీ రాత్రీ పగలూ ఉంటుంది. సొంతంగా బండి మీద వెళ్లే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి. దారిలో కళ్లు తిరిగితే అది వేరే ప్రమాదం.

## 2. రెండు నెలసరుల లెక్క రాసుకోండి

"బ్లీడింగ్ ఎక్కువ అవుతోందా?" అని డాక్టరు అడిగితే చాలామంది "మామూలేనండీ" అంటారు. అమ్మకూ అక్కకూ అలాగే అయ్యేది కాబట్టి అదే మామూలు అనిపిస్తుంది. అందుకే మాటతో కాకుండా అంకెతో చెప్పాలి.

వైద్యులు వాడే బొమ్మల చార్టు పద్ధతి ఇంట్లో సులువుగా చేసుకోవచ్చు. క్యాలెండర్ పక్కనే ఒక కాగితం పెట్టుకుని, మార్చిన ప్రతి ప్యాడ్‌కూ మార్కు వేయండి.

- కొద్దిగా మరక పడిన ప్యాడ్: 1
- సగం వరకు తడిసిన ప్యాడ్: 5
- పూర్తిగా తడిసిన ప్యాడ్: 20
- చిన్న రక్తపు గడ్డ: 1
- పెద్ద గడ్డ: 5

నెలసరి ముగిశాక మొత్తం కూడండి. 100 దాటితే రక్తస్రావం ఎక్కువ కిందే లెక్క. ఆ అంకె దాదాపు 80 మిల్లీలీటర్ల రక్తానికి సమానమని ఈ చార్టు తయారుచేసినప్పటి అంచనా. ఇప్పుడొచ్చే జెల్ ప్యాడ్లు చాలా తడి పీల్చుకుంటాయి కాబట్టి పూర్తిగా తడిసేదాకా ఉంచితే మార్కు తక్కువ చూపించవచ్చు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవారికి గీతలు చూస్తే సరిపోతుంది అనిపిస్తుంది గానీ, కప్పులో చేరేదంతా రక్తం కాదు, ఇతర స్రావాలు కూడా ఉంటాయి.

మార్కులు వేయడం కుదరకపోతే ఈ గుర్తులైనా రాసుకోండి: నెలసరి 7 రోజులు దాటడం, రాత్రి నిద్రలో లేచి ప్యాడ్ మార్చాల్సి రావడం, ఒకేసారి రెండు ప్యాడ్లు పెట్టుకోవడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, బట్టలు తడుస్తాయన్న భయంతో ఆ రెండు మూడు రోజులు డ్యూటీకో పెళ్లికో వెళ్లలేకపోవడం. వీటిలో రెండు ఉన్నా చాలు, డాక్టరుతో గట్టిగా చెప్పడానికి.

ఆ కాగితం మీదే మరో మూడు విషయాలు రాయండి. పచ్చి బియ్యం, బలపాలు, ఐసుముక్కలు నమలాలనిపిస్తోందా? రాత్రి పడుకోగానే కాళ్లు లాగి, కదిలిస్తే గానీ నెమ్మది లేదా? ఎన్ని మెట్లకు ఆయాసం వస్తోంది? మొదటి రెండూ ఐరన్ లోటుకు బాగా సరిపోయే లక్షణాలు. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. మూడోది తర్వాత మెరుగుదల కొలవడానికి పనికొస్తుంది.

## 3. రక్తం ఇచ్చే ముందు జాగ్రత్తలు

ఫెరిటిన్ పరీక్షను తప్పుదారి పట్టించేవి ముఖ్యంగా రెండు.

మొదటిది జ్వరం. ఒంట్లో ఇన్ఫెక్షన్ గానీ, వాపు గానీ ఉంటే ఐరన్ నిల్వతో సంబంధం లేకుండా ఫెరిటిన్ పెరుగుతుంది. వైరల్ జ్వరం తగ్గిన మర్నాడే రక్తం ఇస్తే, 10 ఉండాల్సిన ఫెరిటిన్ 60 అని వచ్చి "బాగానే ఉంది" అనిపించవచ్చు. జ్వరం, దగ్గు, పంటి చీము, మూత్రంలో మంట ఏవైనా తగ్గిన తర్వాత రెండు మూడు వారాలు ఆగి పరీక్ష చేయించుకోండి. ఆగే వీలు లేకపోతే ఫెరిటిన్‌తో పాటు, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ పరీక్ష కూడా రాయించుకోండి. అధిక బరువు, ఫ్యాటీ లివర్, కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఎప్పుడైనా సీఆర్‌పీ పక్కన ఉంటేనే మంచిది.

రెండోది జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్ర. జుట్టు రాలుతోందనగానే మందుల షాపులో ఇచ్చేది అదే. కొన్ని ల్యాబ్ యంత్రాలు పనిచేసే పద్ధతికి బయోటిన్ అడ్డుపడుతుంది. ఫెరిటిన్ ఉన్నదానికంటే తక్కువగా కనబడవచ్చు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ కూడా తప్పుగా రావచ్చు. కనీసం రెండు మూడు రోజుల ముందు నుంచి ఆపి, ఆపిన సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

పరీక్ష రోజు కోసం చిన్న పట్టిక:

- ఉదయం పూట, ఏమీ తినకముందు ఇవ్వడం మేలు. ఫెరిటిన్‌కు ఇది అంత ముఖ్యం కాదు గానీ, ఆ సమయానికి రక్తంలో తిరుగుతున్న ఐరన్‌ను కొలిచే సీరం ఐరన్ కూడా రాసి ఉంటే ముఖ్యం.
- ముందు రోజు నుంచి ఐరన్ మాత్ర వేసుకోవద్దు.
- గత రెండు నెలల్లో సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించుకుని ఉంటే తేదీ చెప్పండి.
- నెలసరి జరుగుతున్నా పరీక్ష చేయించుకోవచ్చు.
- పాత రిపోర్టులు ఏవి ఉన్నా తీసుకెళ్లండి. రెండేళ్ల కిందటి హిమోగ్లోబిన్ 13, ఇప్పుడు 11.8 అయితే అది చిన్న విషయం కాదు.

## 4. ఏ పరీక్షలు, ఏ వరుసలో

అన్నీ ఒకేసారి చేయించి జేబు ఖాళీ చేసుకోవాల్సిన పని లేదు. మొదటి విడతలో కంప్లీట్ బ్లడ్ పిక్చర్, సీరం ఫెరిటిన్, అవసరాన్ని బట్టి సీఆర్‌పీ. నీరసం, జుట్టు రాలడం, నెలసరి ఎక్కువ కావడం మూడింటికీ థైరాయిడ్ లోపమూ కారణం కావచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ కూడా మొదటి విడతలోనే పెట్టడం సబబు. గర్భం ఉండే అవకాశం ఏ కొంచెం ఉన్నా గర్భ పరీక్ష ముందే చేయాలి.

సీరం ఐరన్ ఒక్కటే చూసి ఐరన్ లోటు ఉందో లేదో తేల్చకూడదు. అది ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ముందు రోజు మాత్ర వేసుకున్నా పెరిగిపోతుంది. ఫెరిటిన్ అటూ ఇటూగా ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చూస్తారు. అది 20 కంటే తక్కువైతే ఐరన్ లోటు వైపే మొగ్గు.

రక్తస్రావం ఎందుకు ఎక్కువవుతోందో తెలుసుకోవడానికి పొత్తికడుపు స్కానింగ్ రెండో విడత. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్, గర్భసంచి గోడ మందంగా ఉబ్బడం ఇందులో తెలుస్తాయి. రజస్వల అయినప్పటి నుంచీ నెలసరి ఎక్కువే అయి, పన్ను తీయించుకున్నప్పుడు కూడా రక్తం ఆగక ఇబ్బంది పడి ఉంటే, రక్తం గడ్డకట్టే లోపం కోసం వేరే పరీక్షలు అవసరం. ముఖ్యంగా పదహారు, పదిహేడేళ్ల అమ్మాయిల విషయంలో ఇది మరచిపోకూడదు. 45 దాటినవారికి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించమని డాక్టరు చెబితే వాయిదా వేయొద్దు. ఆ వయసులో క్యాన్సర్ లేదని తేల్చుకోవడం ముందు.

## 5. రిపోర్టు చదివే పద్ధతి

ల్యాబ్ రిపోర్టులో ఫెరిటిన్ పక్కన "మామూలు పరిధి" అని అచ్చు వేసి ఉంటుంది. చాలాచోట్ల దాని అడుగు అంకె 10 దగ్గరో 13 దగ్గరో ఉంటుంది. మీకు 14 వస్తే నల్ల అక్షరాలతో, ఏ గుర్తూ లేకుండా, మామూలుగానే కనబడుతుంది. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఆ పరిధిని చూడకుండా కింది మెట్ల ప్రకారం చూడండి. అంకెలన్నీ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో.

15 కంటే తక్కువ: నిల్వ ఖాళీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఈ గీతనే పెట్టింది. హిమోగ్లోబిన్ ఎంత ఉన్నా ఇది ఐరన్ లోటే.

15 నుంచి 30: నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లలో దీన్నీ లోటుగానే చూసి వైద్యం చేసే డాక్టర్లే ఎక్కువ. అదే సరైనదని మా అభిప్రాయం కూడా.

30 నుంచి 70: ఇక్కడ సీఆర్‌పీ మాట వినాలి. ఒంట్లో వాపు ఉంటే 70 లోపు ఫెరిటిన్‌ను కూడా లోటుగా పరిగణించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సీఆర్‌పీ మామూలుగా ఉండి, శాచురేషన్ కూడా బాగుంటే నీరసానికి వేరే కారణం వెతకాలి.

100 దాటితే: జుట్టు కోసం ఐరన్ మాత్ర వేసుకోవడం అనవసరం. కిడ్నీ, గుండె జబ్బుల వంటి దీర్ఘకాల వ్యాధులు ఉన్నవాళ్ల లెక్క వేరు.

బ్లడ్ పిక్చర్‌లో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది. ఎర్ర కణం సగటు పరిమాణం అది. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవని అర్థం. ఐరన్ లోటులోనూ, తలసీమియా జన్యువు ఒకటి మోసేవాళ్లలోనూ కణాలు చిన్నగానే ఉంటాయి. తేడా పట్టడానికి ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో, అంటే మిలియన్లలో ఇచ్చిన అంకెతో, భాగించండి. 13 కంటే ఎక్కువ వస్తే ఐరన్ లోటు వైపు, తక్కువ వస్తే తలసీమియా వైపు సూచన. ఇది సూచన మాత్రమే. ఫెరిటిన్ బాగుండి కణాలు మాత్రం చిన్నవిగా ఉంటే ఐరన్ మింగుతూ పోకుండా హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష చేయించాలి. అల్లూరి జిల్లా ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలకు సికిల్ సెల్ సంగతి కూడా ఇదే పరీక్షలో తేలుతుంది. ఐరన్ లోటు ఉండగా ఈ పరీక్ష చేస్తే తలసీమియా దాక్కోవచ్చు, అందుకని వీలైతే ముందు ఐరన్ నింపి తర్వాత చేస్తారు.

## 6. ఒక లెక్క చేసి చూద్దాం

గాజువాకలో ఉండే 38 ఏళ్ల మహిళ అనుకుందాం. బరువు 55 కిలోలు. నెలసరి 8 రోజులు, చార్టు మార్కులు 150. హిమోగ్లోబిన్ 10.2, ఎంసీవీ 72, ఎర్ర కణాలు 4.2 మిలియన్లు, ఫెరిటిన్ 6, సీఆర్‌పీ మామూలు.

72ను 4.2తో భాగిస్తే 17. ఫెరిటిన్ 6. ఐరన్ లోటని సందేహం లేదు.

ఇక ఎంత ఐరన్ కావాలి? హిమోగ్లోబిన్ 10.2 నుంచి 13కి రావాలంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 2.8 గ్రాములు పెరగాలి. ఆమె ఒంట్లో రక్తం సుమారు 3.6 లీటర్లు. దాని ప్రకారం దాదాపు 100 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారవ్వాలి. ఒక గ్రాముకు 3.4 మి.గ్రా. ఐరన్ పడుతుంది, అంటే 340 మి.గ్రా. తర్వాత నిల్వ. ఫెరిటిన్ ఒక్కో అంకెకు సుమారు 8 మి.గ్రా. నిల్వ అని అంచనా. 6 నుంచి 50కి చేర్చాలంటే 350 మి.గ్రా. రెండూ కలిపితే దాదాపు 700 మి.గ్రా.

ఇప్పుడు ఖర్చు. ఆమెకు నెలకు 120 మిల్లీలీటర్ల రక్తం పోతోందనుకుంటే, దానితో పాటు 40 నుంచి 50 మి.గ్రా. ఐరన్ పోతుంది. రోజూ సహజంగా పోయేదానికి తిండి సరిపోతుందని, ఈ 50ని మాత్రలే భర్తీ చేయాలని అనుకుందాం.

100 మి.గ్రా. ఐరన్ ఉన్న మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటే నెలకు 15 మాత్రలు. ఖాళీ కడుపుతో సరిగ్గా వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి 10 నుంచి 20 మి.గ్రా. ఒంటికి పడుతుంది. నెలకు 150 నుంచి 300. నెలసరిలో పోయే 50 తీసేస్తే మిగిలేది 100 నుంచి 250. 700 నిండటానికి మూడు నుంచి ఏడు నెలలు.

అదే మాత్రను టీతో పాటు వేసుకున్నారనుకోండి. పట్టేది సగానికి పడిపోతే నెలకు 75 నుంచి 150. అందులో 50 పోగా 25 నుంచి 100 మిగులుతుంది. మూడు నెలల పని ఏడు నెలలవుతుంది, ఏడు నెలల పని రెండేళ్లు దాటుతుంది. "ఏడాదిగా ఐరన్ వాడుతున్నా రక్తం పట్టడం లేదు" అనేవాళ్ల విషయంలో చాలాసార్లు జరిగేది ఇదే. ఇవన్నీ అంచనా అంకెలే, మనిషిని బట్టి మారతాయి. కానీ ఏది ముఖ్యమో ఈ లెక్క తేటగా చూపిస్తుంది.

## 7. మాత్ర వేసుకునే పద్ధతి

ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. "ఫెర్రస్ ఆస్కార్బేట్", "ఫెర్రస్ సల్ఫేట్", "ఫెర్రస్ ఫ్యూమరేట్" అని ఉండి, పక్కనే "ఎలిమెంటల్ ఐరన్" ఎంతో ఉంటుంది. చూడాల్సింది ఆ రెండో అంకె. 200 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఐరన్ 60 నుంచి 65 మి.గ్రా. మాత్రమే. పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మందు మంచిదే. అయితే గర్భం లేని మహిళలకు వారానికి ఒకటి చొప్పున ఇచ్చే పద్ధతి లోటు రాకుండా చూడటానికి. లోటు వచ్చాక తీర్చడానికి అది చాలదు.

మోతాదు రోజుకు ఒక్కసారే, లేదా రోజు విడిచి రోజు. రెండు పూటలా, మూడు పూటలా వేసుకుంటే త్వరగా రక్తం పడుతుందనుకోవడం తప్పు. ఒక మాత్ర వేసుకోగానే లివర్ నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు 24 గంటల పాటు పేగులో ఐరన్ దారిని మూసేస్తుంది. సాయంత్రం వేసుకున్న రెండో మాత్ర చాలావరకు కడుపులో వికారానికీ మలబద్ధకానికీ పనికొస్తుంది తప్ప ఒంటికి పట్టదు. హిమోగ్లోబిన్ బాగా తక్కువైతే రోజూ ఒకటి, వికారం ఎక్కువైనా నిల్వ మాత్రమే నింపాల్సి ఉన్నా రోజు విడిచి రోజు అన్నది ఎక్కువమంది డాక్టర్లు పాటిస్తున్న పద్ధతి.

ఎప్పుడు వేసుకోవాలంటే:

- ఉదయం లేవగానే, ఖాళీ కడుపుతో, మంచినీళ్లతో. నిమ్మరసంతో వేసుకోవచ్చు.
- ఆ తర్వాత గంట వరకు టిఫిన్ వద్దు. టీ, కాఫీ, పాలు, మజ్జిగ కనీసం గంట, వీలైతే రెండు గంటల తర్వాత.
- కాల్షియం మాత్ర రాత్రికి మార్చుకోండి.
- థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు రెండింటి మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి. థైరాయిడ్ మాత్ర ఉదయం కాబట్టి ఐరన్ రాత్రి పడుకునే ముందు, భోజనమైన రెండు మూడు గంటలకు వేసుకోవడం సులువు.
- గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్ పట్టడమూ తగ్గుతుంది.

మోషన్ నల్లగా రావడం మామూలే, భయపడి ఆపొద్దు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం చూపించుకోవాలి. వికారం ఉంటే ముందు రోజు విడిచి రోజుకు మార్చండి. అయినా తగ్గకపోతే ఐరన్ తక్కువ ఉన్న మాత్రకు మారమని అడగండి. చివరి దారిగా కొద్ది తిండితో వేసుకోవచ్చు. పట్టేది తగ్గుతుంది, కానీ మానేయడం కంటే నయం.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఐరన్ మాత్రలు తాళం వేసిన చోట పెట్టండి. రంగురంగుల ఈ మాత్రలు పప్పుబెల్లాల్లా కనిపిస్తాయి. పది, పన్నెండు మింగినా పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

తిండి విషయంలో ఒక్క మాట. బీట్‌రూట్ జ్యూస్ ఎర్రగా ఉంటుంది గానీ 100 గ్రాములకు ఒక మి.గ్రా. దరిదాపుల్లోనే ఐరన్ ఉంటుంది, దానిమ్మలో ఇంకా తక్కువ. వాటిని నమ్ముకుని మాత్ర మానొద్దు. వారానికోసారి మేక లివర్, మన మార్కెట్లో దొరికే నెత్తళ్లు, చోడి అంబలి, నిమ్మకాయ పిండిన తోటకూర పప్పు మంచివే. నిల్వ నిండాక దాన్ని నిలబెట్టుకోవడానికి పనికొస్తాయి. ఫెరిటిన్ 6 ఉన్నప్పుడు మాత్రం తిండితో ఆ 700 మి.గ్రా. పూడటం జరగని పని. గర్భిణులు లివర్ తినకూడదు.

## 8. పోయే రక్తాన్ని తగ్గించకపోతే

ఇది లేకుండా ఐరన్ ఎంత వేసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ఐరన్ మొదలుపెట్టిన రోజే గైనకాలజిస్టు అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవారికి కేజీహెచ్‌లో గైనిక్ విభాగం ఉంది, వన్‌టౌన్ వైపు వారికి ఘోషా ఆసుపత్రి దగ్గర.

మొదట వాడేది సాధారణంగా ట్రానెక్సామిక్ యాసిడ్. 500 మి.గ్రా. మాత్రలు రెండు చొప్పున రోజుకు మూడుసార్లు, రక్తం ఎక్కువగా పోయే నాలుగైదు రోజులు మాత్రమే. ఇది హార్మోన్ కాదు. రక్తస్రావం దాదాపు సగం వరకు తగ్గవచ్చు. గతంలో కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు దీన్ని వాడకూడదు. అందుకే షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది. నొప్పి కూడా ఉంటే మెఫినమిక్ యాసిడ్ రెండు పనులూ చేస్తుంది, అల్సర్ ఉన్నవాళ్లకు పనికిరాదు.

దీర్ఘకాలానికి హార్మోన్ ఉన్న లూప్ బాగా పనిచేస్తుంది. గర్భసంచిలో పెడితే ఏళ్ల తరబడి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మధ్యమధ్యలో మరకలు పడటం సహజం, ఆ సంగతి ముందే తెలియక చాలామంది తీయించేసుకుంటారు. దీన్నీ కాపర్-టినీ ఒకటే అనుకోవద్దు. కాపర్-టి రక్తస్రావాన్ని పెంచుతుంది. అది ఉన్నవాళ్లకు నెలసరి ఎక్కువైతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

గర్భసంచి తీయించడం గురించి: మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్ వయసులో ఉన్న ఆడవాళ్లకు మరీ సులువుగా జరిగిపోతోంది. పిల్లలు పుట్టేశారు కదా అన్నది కారణం కాదు. మాత్రలు, లూప్ ప్రయత్నించారా, స్కానింగ్‌లో ఏం ఉంది, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. అత్యవసరం కాకపోతే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

## 9. మళ్లీ పరీక్ష ఎప్పుడు

నాలుగు వారాలకు బ్లడ్ పిక్చర్ ఒక్కటి చాలు. హిమోగ్లోబిన్ కనీసం 1 పెరగాలి. మన ఉదాహరణలోని మహిళకు 10.2 కాస్తా 11.3 అయితే దారి సరైనదే. మూడు నెలలకు బ్లడ్ పిక్చర్‌తో పాటు ఫెరిటిన్. రెండు వారాలకే ఫెరిటిన్ చేయిస్తే డబ్బు దండగ, ఎందుకంటే వచ్చిన ఐరన్ ముందు రక్తంలోకి పోయి, తర్వాతే నిల్వకు చేరుతుంది. అందుకే మూడు నెలలకు హిమోగ్లోబిన్ 12.6, ఫెరిటిన్ 16 అని రావచ్చు. రక్తం పట్టిందని మాత్ర ఆపేసేది సరిగ్గా ఈ ఘట్టంలోనే. హిమోగ్లోబిన్ మామూలు స్థితికి వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వేసుకోవాలి.

నాలుగు వారాలకు పెరగకపోతే ఈ వరుసలో వెతకండి:

- మాత్రలు నిజంగా ఎన్ని వేసుకున్నారు? మిగిలినవి లెక్కపెట్టండి.
- టీ, పాలు, కాల్షియం, గ్యాస్ మాత్ర అడ్డుపడుతున్నాయా?
- రక్తస్రావం చార్టు మార్కులు తగ్గాయా?
- నులిపురుగుల మందు వేసుకున్నారా? కొంకిపురుగులు పేగులోనే రక్తం తాగుతాయి.
- మూలశంక రక్తం, నొప్పి మాత్రలతో వచ్చిన అల్సర్, కడుపులో చేరే హెచ్. పైలోరీ క్రిమి, గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నాయేమో డాక్టరుతో చూపించుకున్నారా?
- బీ12, తలసీమియా చూశారా?

## 10. సెలైన్ ద్వారా ఐరన్ ఎవరికి

మాత్ర ఎలా మార్చినా కడుపు తట్టుకోనివారికి, సరిగ్గా వేసుకున్నా పెరగనివారికి, ఆపరేషన్ దగ్గరపడినవారికి, హిమోగ్లోబిన్ బాగా తక్కువైనవారికి ఇది అవసరం. "త్వరగా అయిపోతుంది కదా" అని మొదటి రోజే అడగాల్సింది కాదు.

ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కో విడతకు 200 మి.గ్రా. చొప్పున కొన్నిసార్లు వెళ్లాలి. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే విడతలో 1,000 మి.గ్రా. వరకు పావుగంటలో ఎక్కించవచ్చు, ధర ఎక్కువ. రెండింటినీ ఆసుపత్రిలోనే, అలర్జీ వస్తే చూసుకునే ఏర్పాటు ఉన్నచోటే ఎక్కించాలి, తర్వాత అరగంట అక్కడే ఉండాలి. సూది దగ్గర మంట పుట్టినా, ఉబ్బినా వెంటనే నర్సును పిలవండి. మందు చర్మం కిందికి జారితే గోధుమరంగు మరక నెలల తరబడి పోదు. కార్బాక్సీమాల్టోజ్ తర్వాత కొన్ని వారాలకు నీరసం మరింత పెరిగి, కండరాలూ ఎముకలూ నొప్పులొస్తే రక్తంలో ఫాస్ఫేట్ చూపించుకోవాలి.

ఎక్కించిన తర్వాత ఎనిమిది వారాల లోపు ఫెరిటిన్ చేయించవద్దు. 400, 500 అని వస్తుంది, అది అసలు నిల్వ కాదు.

## 11. ఏ లక్షణం ఎప్పుడు తగ్గుతుంది

ఐసుముక్కలు నమలాలనే కోరిక అన్నిటికంటే ముందు, కొన్ని రోజుల్లోనే పోతుంది. ఆయాసం హిమోగ్లోబిన్‌తో పాటు తగ్గుతుంది, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మెట్ల దగ్గర తేడా తెలియాలి. హిమోగ్లోబిన్ 12 దాటినా ఆయాసం అలాగే ఉంటే గుండె, ఊపిరితిత్తులు, థైరాయిడ్ చూపించుకోవాలి. ఐరన్ మీదే నెపం పెట్టి కూర్చోకూడదు. నీరసం నిల్వ నిండేకొద్దీ మెల్లగా పోతుంది.

జుట్టు అన్నిటికంటే ఆలస్యం. రాలడం తగ్గడానికే మూడు నెలలు, ఒత్తు తిరిగి కనబడటానికి ఆరు నెలల నుంచి ఏడాది. ఫెరిటిన్ ఇంత దాటితే జుట్టు ఆగుతుందని ఖాయంగా చెప్పే అంకె లేదు. చర్మవైద్యులు కొందరు 40, కొందరు 70 అంటారు. తల అంతటా సమానంగా రాలితే ఐరన్, థైరాయిడ్, మూడు నెలల కిందటి డెంగీ లేదా కాన్పు కారణం కావచ్చు. పాపిడి దగ్గరే వెడల్పు అవుతుంటే అది వేరే రకం, ఐరన్‌తో మాత్రమే తగ్గదు.

## 12. ఆపేటప్పుడు, ఆపాక

హిమోగ్లోబిన్ 12 పైన, ఫెరిటిన్ 50 పైన, రెండూ కుదిరాక డాక్టరుతో మాట్లాడి ఆపండి. ఆపిన మూడు నెలలకు ఫెరిటిన్ ఒకసారి. నెలసరి ఇంకా ఎక్కువగానే ఉంటే ఆ తర్వాత ఆరు నెలలకోసారి.

ఆపిన మూడు నెలలకే 55 నుంచి 25కి పడిపోయిందంటే పోయేది వచ్చేదానికంటే ఇంకా ఎక్కువగానే ఉందన్నమాట. అప్పుడు మందుల షాపులో మరో నెల ఐరన్ కొనుక్కోవడం కాదు, చార్టు కాగితం పట్టుకుని మళ్లీ గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి రక్తస్రావానికి వేరే వైద్యం అడగాలి.